పేరు మిగిలిన ఫొటో

ఆ పుల్లలు జరంత లోపలికి నూకు బిడ్డా, పొగ నా దిక్కే వస్తుంది. ఆఁ, ఇప్పుడు చెప్త ఇనుండ్రి. మీరు ఫోన్ల వేలు జరిపి నచ్చనోళ్లను ఫొటోలకెళ్లి తీసేస్తుండ్రు గదా, మా కాలంల గదే పని ఒక పిల్ల బ్లేడు పట్టి చేసింది.

అప్పటికి రంగారెడ్డి జిల్లా పుట్టనేలేదు. అది 1978ల అయింది. ఇప్పుడు మీరు చూసే వెంచర్ల జాగల మస్తుగ ద్రాక్ష తోటలుండేటియి. రాతి కడీలు పాతి, తీగలు గుంజి, పందిరి మీద అనాబ్-ఎ-షాహి పండించేటోళ్లు. మా తరగతిల ఒక పిల్లది శామీర్‌పేట. వాళ్లకు అసొంటి తోట ఉండె. చదువు కోసమని మేడ్చల్‌ల మేనమామ ఇంట్ల ఉండేది. ఇంకో పిల్లది మేడ్చలే. వాళ్ల నాయిన రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేటోడు. ఇద్దరూ ఒక్క బెంచీ, ఒక్క టిఫిను డబ్బా. పేర్లెందుకు తియ్, ఇద్దరూ ఇప్పుడు మనుమలు, మనుమరాండ్లు ఉన్నోళ్లు.

పది పరీక్షల ముంగట గ్రూపు ఫొటో దిగుడు రివాజు. ఫొటో ఆయన మూడు కాళ్ల స్టాండు మీద పెట్టె కెమెరా నిలబెట్టి, నల్ల గుడ్డల తలకాయ దూర్చిండు. సార్లు కుర్చీలల్ల, ఆడపిల్లలు వాళ్ల ఎనుక, మగపిల్లలు ఆఖరికి బెంచీలెక్కి. మేడ్చల్ పిల్లకు మంచి ఓణి లేకపాయె. శామీర్‌పేట పిల్ల తన పెద్ద పూల ఓణి ఇచ్చి, తను మామూలుది ఏసుకుంది. వరుసల కుడి దిక్కు చివర్న తను, పక్కన ఈ పిల్ల. "కదలొద్దు" అన్నడు ఫొటో ఆయన. అయిపాయె.

ఫొటో కడిగి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడ్డయి. ఈలోపు ఓణి వాపసిచ్చింది, కొంగుకు సిరా మరక ఉంది. శామీర్‌పేట పిల్లకు కోపమొచ్చి, బోరింగు కాడ అందరి ముంగటనే "ఎరువు తెచ్చుకున్న బట్ట జాగ్రత్తగ కట్టుకోరాదా?" అన్నది. గంతే మాట. కని ఓణి ఎరువుదని అప్పటిదాంక మాకెవ్వలకు తెల్వదు. ఆ పిల్లకు మరక మాట తాకలే, ఎరువు అన్న మాట తాకింది. ఇగ మాటల్లేవు.

ఫొటో చేతికొచ్చిన రాత్రే పని మొదలువెట్టింది. మీరనుకున్నంత అల్క గాదు. ఫొటో కాయితం మందపాటి అట్టకు అంటించి ఉంటది. ముందుగాల మొఖం కాడ గోరుతోటి గీకింది, పైపొర పెచ్చులు లేచి తెల్లగయింది గని మనిషి ఆకారం పోలే. కత్తెరకు అట్ట లొంగలే. అప్పుడు వాళ్ల నాయిన గడ్డం బ్లేడు తెచ్చి, స్కేలు పెట్టి, పైకెళ్లి కిందికి ఒక్క పట్టీ కోసేసింది. చివర్న నిలబడ్డదాన్ని తీస్తే సరిపోతదనుకుంది. కని ఆ పట్టీల ముంగట కుర్చీల కూసున్న డ్రిల్లు సారు పోయిండు, ఎనుక బెంచీ మీది పిలగాడు సగం పోయిండు. ఏ పాపం తెల్వనోళ్లు!

అసలు తిరకాసు కింద ఉన్నది. అట్ట మీద, ఫొటో కింద, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లు వరుసగ రాసి ఉండె. ఆ రాత నడిమిట్ల ఉన్నది గాబట్టి బ్లేడు దాని దాంక పోలే. మొఖం పోయింది, పేరు మిగిలింది.

తర్వాత పెండ్లయి అత్తగారింటికి పోయినంక కూడ ఆ ఫొటో గోడ మీదనే ఉండె. పదోది పాసైన పిల్లనని చూపెట్టుకోవాలె గదా. చూడొచ్చినోళ్లు వేలు పెట్టి పేర్లు లెక్కవెడుతరు. పేర్లు ఏడు, మొఖాలు ఆరు. "ఈ ఆఖరామె ఏదమ్మా?" అంటరు. వరుసల ఇంకెవ్వల సంగతి అడగరు, సార్ల సంగతి అడగరు, లేని పిల్ల సంగతే అడుగుతరు. కొయ్యకపోతే ఆమె వరుసల ఒకతి. కోసినంకనే ఆమె ముచ్చట ఏండ్లకేండ్లు నడిచింది. ఒకలకు ఊరిడిసి పోయిందని, ఇంకొకలకు ఫొటో చెదలు పట్టిందని, ఏదో ఒకటి చెప్పవట్టె.

నా ఫొటో నిండుగనే ఉన్నది, సందుగుల దాచిన. ఆ మధ్య శామీర్‌పేట కట్టమైసమ్మ కాడ బోనాలకు పోతే శామీర్‌పేటామె కలిసింది. గీ కోసిన ముచ్చట ఆమెకు అప్పటిదాంక ఎరికనే లేదు. నేను చెప్పంగనే కడుపువట్టుకొని నవ్వింది.

"నన్ను కోసిందా? కొయ్యనీ. మరి ఒంటి మీద నా ఓణి ఎట్ల ఉంచుకుంది?" అన్నది.