నిషిద్ధ స్థితి: రెండు నార్ గేట్ల కథ

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పాఠ్యపుస్తకాలలో ఎస్‌ఆర్ లాచ్ గురించిన అధ్యాయం తెరిస్తే నాలుగు వరుసల పట్టిక ఒకటి తప్పక కనిపిస్తుంది. మొదటి మూడు వరుసలలో ఒకటో సున్నానో పాత విలువో స్పష్టంగా ఉంటుంది. నాలుగవ వరుసలో మాత్రం అంకెల బదులు ‘నిషిద్ధం’ అన్న మాట ఉంటుంది. ఎవరు నిషేధించారు, ఎందుకు నిషేధించారు, ఆ నిషేధాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలను చాలా పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. ఆ వాక్యం కూడా తరచుగా అసలు కారణాన్ని చెప్పదు. ఆ కారణం పూర్తిగా బయటపడి, నలుగురి ముందుకు రావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

కథ 1918లో లండన్‌లో మొదలవుతుంది. విలియం ఎకిల్స్, ఫ్రాంక్ జోర్డన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు రెండు వాక్యూమ్ ట్యూబులను ఒకదాని ఔట్‌పుట్ మరొకదాని గ్రిడ్‌కు చేరేలా కలిపి, ఆ అమరికకు పేటెంటు కోరారు. మరుసటి సంవత్సరం దాని గురించి వ్యాసం ప్రకటించారు. ఒక ట్యూబులో విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటే అది రెండవదాన్ని అణచి ఉంచుతుంది. రెండవది అణగి ఉన్నంతకాలం మొదటిదానికి అడ్డు ఉండదు. బయటినుండి చిన్న తాకిడి తగిలితే పాత్రలు తారుమారవుతాయి. తాకిడి తొలగినా కొత్త స్థితి అలాగే నిలిచిపోతుంది. వారు దీనిని ఒక రకమైన రిలేగా భావించారు. జ్ఞాపకం అన్న మాట దానికి తరువాత అంటుకున్నది.

ఇదే అమరికను ట్రాన్సిస్టర్లతో, నార్ గేట్ల రూపంలో, అత్యంత పొదుపుగా వాడిన యంత్రం అపోలో వ్యోమనౌకలోని మార్గదర్శక కంప్యూటరు. ఎమ్‌ఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీలో ఎల్డన్ హాల్ బృందం దాని తర్కమంతటికీ ఒకే రకమైన భాగాన్ని ఎన్నుకున్నది. అది మూడు ఇన్‌పుట్ల నార్ గేటు. చంద్రుని వరకు వెళ్ళిన నమూనాలో ఒక్కొక్క చిన్న పెట్టెలో రెండేసి గేట్ల చొప్పున సుమారు 2800 చిప్పులు ఉండేవి. ఒకే రకం భాగమైతే పరీక్షలన్నీ దాని మీదే పెట్టవచ్చు, లోపాల చరిత్ర అంతా ఒకేచోట పోగవుతుంది. వైద్యంలో ఒకే మందును లక్షమందికి వాడి దాని దుష్ఫలితాలను క్షుణ్ణంగా తెలుసుకోవడం వంటిదే ఈ వ్యూహం. ఆ కంప్యూటరులో కూడిక చేసే భాగమూ నార్ గేట్లే, సంఖ్యను పట్టి ఉంచే రిజిస్టర్లూ నార్ గేట్లే.

ఆ గేటు నిర్మాణం తెలిస్తే మిగిలినదంతా తేలిక. మూడు ట్రాన్సిస్టర్లు ఒకే నిరోధకాన్ని పంచుకుంటాయి. మూడూ మూసుకొని ఉంటే ఔట్‌పుట్ తీగ నిరోధకం ద్వారా పై వోల్టేజికి చేరుతుంది. అది ఒకటి. ఏ ఒక్కటి తెరుచుకున్నా ఆ తీగను కిందికి లాగేస్తుంది. అది సున్నా. అంటే నార్ గేటు ఔట్‌పుట్ ఒకటి కావాలంటే ఇన్‌పుట్లన్నీ సున్నా కావాలి. ఇటువంటి గేట్లు రెండింటిని ఎకిల్స్, జోర్డన్ల పద్ధతిలో కలిపితే లాచ్ అవుతుంది:

```
Q  = NOR(R, Q')
Q' = NOR(S, Q)
```

ఇక్కడ S అంటే సెట్, R అంటే రీసెట్. సెట్ తీగ మీద ఒకటి పెట్టి, రీసెట్‌ను సున్నాగా ఉంచుదాము. రెండవ గేటు వెంటనే సున్నాకు పడిపోతుంది. అప్పుడు మొదటి గేటుకు రెండు ఇన్‌పుట్లూ సున్నాలే కనుక అది ఒకటికి లేస్తుంది. ఇప్పుడు సెట్ తీగను తీసివేసినా మొదటి గేటు ఇచ్చే ఒకటి రెండవ గేటును అణచి ఉంచుతూనే ఉంటుంది. లాచ్ గుర్తుపెట్టుకున్నది. రీసెట్ కథ దీనికి అద్దంలో ప్రతిబింబం.

సెట్, రీసెట్ రెండూ ఒకటైతే? రెండు గేట్లూ సున్నాకు పడిపోతాయి. అంతే. ఏ భాగమూ కాలిపోదు, ఏదీ వేడెక్కదు, స్థితి చంచలంగానూ ఉండదు. ఒక గంటసేపు అలాగే ఉంచినా రెండు ఔట్‌పుట్లూ నిశ్చలంగా సున్నాలే. పుస్తకాలలో సాధారణంగా చెప్పే అభ్యంతరం, రెండు ఔట్‌పుట్లు పరస్పర విరుద్ధంగా ఉండాలన్న ఒప్పందం భగ్నమైంది అన్నది. అది నిజమే కాని అది పేర్లకు సంబంధించిన అభ్యంతరం. ఒక ఔట్‌పుట్‌కు మరొకదాని ‘వ్యతిరేకం’ అని పేరు పెట్టినది మనుషులే. సర్క్యూటుకు ఆ సంగతి తెలియదు.

అసలు చిక్కు ఆ స్థితిలో లేదు, ఆ స్థితినుండి బయటికి వచ్చే క్షణంలో ఉంది. రీసెట్ ముందుగా తొలగితే సెట్ ఒక్కటే మిగులుతుంది. లాచ్ ఒకటిగా స్థిరపడుతుంది. సెట్ ముందుగా తొలగితే సున్నాగా స్థిరపడుతుంది. రెండు సందర్భాలలోనూ ఫలితం నిశ్చితమే, ఎవరు చివరగా వదిలితే వారి మాటే నిలుస్తుంది. అపోలో కంప్యూటరు రిజిస్టర్లలో కొత్త సంఖ్యను రాసే ముందు పాతదాన్ని చెరిపేవారు. అటువంటి పద్ధతిలో ముందు అన్ని లాచ్‌లనూ రీసెట్ చేసి, తరువాత ఒకట్లు కావలసినచోట మాత్రమే సెట్ చేస్తే సరిపోతుంది. చెరిపే పల్సు రాసే పల్సుకంటే ముందు ముగుస్తున్నంతవరకు, రెండూ కొంతసేపు కలిసి ఉన్నా నష్టం లేదు. నిషిద్ధ వరుసను ముట్టుకున్నా, బయటికి వచ్చే క్రమం తెలుసు కనుక.

రెండూ ఒకేసారి తొలగినప్పుడే క్రమం మాయమవుతుంది. గేటు స్పందించడానికి 20 నానోసెకన్లు పడుతుందనుకుందాము. ఇన్‌పుట్లు తొలగిన క్షణంలో రెండు గేట్లకూ అన్నీ సున్నాలే కనిపిస్తాయి. 20 నానోసెకన్ల తరువాత రెండూ ఒకటికి లేస్తాయి. ఇప్పుడు ప్రతి గేటుకూ ఎదుటి గేటునుండి ఒకటి కనిపిస్తుంది, కనుక మరో 20 నానోసెకన్లకు రెండూ సున్నాకు పడతాయి. మళ్ళీ లేస్తాయి. ఇరుకు గుమ్మం దగ్గర ‘మీరు ముందు’ అంటే ‘కాదు, మీరు ముందు’ అనుకునే ఇద్దరు మర్యాదస్తుల వ్యవహారం ఇది. నిజమైన గేట్లు పూర్తిగా ఒకేలా ఉండవు కనుక ఎప్పుడో ఒకటి నెగ్గుతుంది. ఏది నెగ్గుతుందో, ఎంతసేపటికి నెగ్గుతుందో పట్టిక చెప్పలేదు. కొన్ని సర్క్యూట్లలో ఊగిసలాట కనిపించదు. రెండు ఔట్‌పుట్లూ ఒకటికీ సున్నాకూ మధ్య వోల్టేజి దగ్గర ఆగి, కొండశిఖరం మీద నిలిచిన బంతిలా, తరువాత ఏదో ఒక వైపు దొర్లుతాయి.

సెట్, రీసెట్ తీగలు వేర్వేరు చోట్లనుండి వచ్చేటప్పుడు సరిగ్గా ఒకేసారి తొలగడం అరుదు. ఆ అరుదైన సంఘటనను నిత్యకృత్యంగా మార్చగలిగినది ఎనేబుల్ తీగ. దీని ఉద్దేశం మంచిదే. సంకేతాలు గేట్ల వరుసలు దాటి వచ్చేటప్పుడు కొంతసేపు తప్పుడు విలువలు చూపుతాయి. అవి స్థిరపడేవరకు లాచ్ కళ్ళు మూసుకొని ఉండాలి. అందుకని సెట్ ముందు ఒక గేటు, రీసెట్ ముందు ఒక గేటు పెట్టి, రెంటికీ ఎనేబుల్‌ను కలుపుతారు. ఎనేబుల్ సున్నాగా ఉంటే బయట ఏమి జరిగినా లాచ్ పాత విలువనే పట్టుకొని ఉంటుంది. ఒకటైతే తలుపు తెరుచుకుంటుంది. నార్ గేట్లు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు ఈ పనికి సంకేతాలను, ఎనేబుల్‌ను తలకిందులు చేసి ఇస్తే చాలు. అన్నీ సున్నాలైతేనే ఒకటి ఇచ్చే గేటు అప్పుడు ‘రెండూ ఉంటేనే’ అన్న షరతును పాటిస్తుంది.

తలుపు తెరిచి ఉండగా బయట సెట్, రీసెట్ రెండూ ఒకటిగా ఉన్నాయనుకుందాము. ఇంతకుముందు చెప్పినట్లే రెండు ఔట్‌పుట్లూ సున్నా. ఇప్పుడు ఎనేబుల్ పడిపోతుంది. బయటి తీగలు కదలలేదు, కాని లోపలికి వెళ్ళే రెండు సంకేతాలనూ ఒకే తీగ, ఒకే క్షణంలో తెంచివేసింది. ఎవరు చివరగా వదిలారన్న ప్రశ్నకు ఇక జవాబు లేదు. విడిగా ఉన్న లాచ్‌లో యాదృచ్ఛికంగా జరగవలసినది ఇక్కడ ఎనేబుల్ పడిన ప్రతిసారీ జరుగుతుంది.

దీనికి విరుగుడుగా ఒకే డేటా తీగను సెట్‌కు నేరుగా, రీసెట్‌కు తలకిందులు చేసి ఇచ్చారు. దానికి డీ లాచ్ అని పేరు. రెండూ ఒకటి అయ్యే అవకాశమే లేదు కనుక నిషిద్ధ వరుస పట్టికలోనుండి చెరిగిపోయింది. చాలా పుస్తకాలలో కథ ఇక్కడ సుఖాంతం అవుతుంది. కాని ఎనేబుల్ పడబోయే ముందు 10 నానోసెకన్లకు డేటా సున్నానుండి ఒకటికి మారిందనుకుందాము. సెట్ వైపు లాచ్‌కు అందేది 10 నానోసెకన్ల పల్సు మాత్రమే. గేటు స్పందించడానికి పట్టే సమయంలో అది సగం. రెండవ గేటు ఔట్‌పుట్ కిందికి దిగడం మొదలుపెట్టిందో లేదో, తోసే చేయి వెళ్ళిపోయింది. లాచ్ పాత స్థితిని పూర్తిగా విడవలేదు, కొత్త స్థితిని పూర్తిగా అందుకోలేదు. నిషిద్ధ వరుస మూసేసినా, మరో దారిన అదే కొండశిఖరానికి చేరుకున్నాము. ఎనేబుల్ మూసుకోవడానికి కొంచెం ముందునుండి కొంచెం తరువాతవరకు డేటా కదలకూడదన్న నియమం ఇందుకే వచ్చింది.

గడియారం, డేటా రెండూ ఒకే యంత్రంలో పుట్టినప్పుడు ఈ నియమాన్ని పాటించేలా రూపకల్పన చేయవచ్చు. అపోలో కంప్యూటరులో ఒక్కొక్క మెమరీ చక్రానికి పట్టే సుమారు 11.7 మైక్రోసెకన్లను 12 భాగాలుగా విభజించి, ఏ రిజిస్టరును ఏ భాగంలో చదవాలో, ఏ భాగంలో రాయాలో ముందే నిర్ణయించారు. గేటు వేగంతో పోలిస్తే ఒక్కొక్క భాగం చాలా విశాలం. బయటి ప్రపంచపు సంకేతాలకు మాత్రం యంత్రపు గడియారం తెలియదు. మనిషి నొక్కే మీట, నరంనుండి వచ్చే విద్యుత్ స్పందన, మరో గడియారంతో నడిచే మరో కంప్యూటరు, ఏవైనా సరిగ్గా ఆ నిషిద్ధ క్షణంలోనే రావచ్చు.

ఈ సంగతిని పట్టుకున్నవారిలో చార్ల్స్ మోల్నార్ ఒకరు. జీవశాస్త్ర ప్రయోగశాలల కోసం 1960లలో తయారైన లింక్ అనే చిన్న కంప్యూటరు రూపకల్పనలో వెస్లీ క్లార్క్‌తో కలిసి పనిచేసిన వ్యక్తి, శ్రవణ నాడీవ్యవస్థను అధ్యయనం చేసిన పరిశోధకుడు. తరువాత సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉమ్మడి గడియారం లేకుండా పనిచేసే కంప్యూటరు భాగాల మీద జరిగిన కృషిలో ఆయన, థామస్ చేనీ పాల్గొన్నారు. ఆ భాగాలలో ‘ఎవరు ముందు వచ్చారు’ అన్న ప్రశ్నను అడుగడుగునా ఏదో ఒక లాచే తేల్చవలసి వస్తుంది. ఐవర్ కాట్ 1966లోనే ఇటువంటి హెచ్చరిక ప్రచురించినా దాని ప్రభావం స్వల్పం. 1973లో చేనీ, మోల్నార్ ప్రకటించిన వ్యాసంలో ఆసిలోస్కోపు ఛాయాచిత్రాలు ఉన్నాయి. ఫ్లిప్‌ఫ్లాపు ఔట్‌పుట్ ఒకటీ సున్నా కాని చోట తచ్చాడుతూ కనిపించేసరికి వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అంతకుముందు ఇంజనీర్లకు ఇది కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. రోజుకు ఒకసారో వారానికి ఒకసారో యంత్రం కారణం లేకుండా తప్పు చేస్తుంది. మళ్ళీ నడిపితే బాగానే ఉంటుంది. విడిభాగాలను పరీక్షిస్తే అన్నీ ఆరోగ్యంగానే ఉంటాయి. అప్పుడప్పుడు లయ తప్పే గుండెకు తీసిన ఈసీజీ చాలాసార్లు మామూలుగానే ఉన్నట్లు. పట్టుకోవాలంటే డేటాను ఉద్దేశపూర్వకంగా ఎనేబుల్ అంచు మీదికి జరుపుతూ, లక్షలసార్లు పునరావృతం చేస్తూ, ఔట్‌పుట్ స్థిరపడే సమయాన్ని కొలవాలి. అలా కొలిస్తే ఎక్కువసార్లు వెంటనే తేలిపోతుంది, కొన్నిసార్లు ఆలస్యమవుతుంది, ఇంకా కొన్నిసార్లు మరీ ఆలస్యమవుతుంది. ఇంత సమయం లోపల తప్పక తేలుతుందన్న హద్దు మాత్రం దొరకదు.

తేలకుండా మిగిలిపోయే సంభావ్యత మాత్రం సమయంతోపాటు వేగంగా తరుగుతుంది. సర్క్యూటు కాలస్థిరాంకం 10 నానోసెకన్లు అయితే, మరో 100 నానోసెకన్లు ఆగినందువల్ల ప్రమాదం సుమారు 22,000 రెట్లు తగ్గుతుంది. అందుకే బయటినుండి వచ్చే సంకేతాన్ని నేటికీ వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాపుల గుండా పంపుతారు. మొదటిది తడబడినా, రెండవది చూసేలోగా దానికి ఒక గడియారపు చక్రం వ్యవధి దొరుకుతుంది. వేగం పెంచితే ఆ వ్యవధి కుంచించుకుపోతుంది, అప్పుడు మూడవదాన్ని చేరుస్తారు.