బతుకమ్మ పళ్లెంలో ఏ పువ్వు ఎక్కడిది?

బతుకమ్మ పుట్టుక గురించి కథలు మీరు చాలానే విని ఉంటారు, ఈ రోజు అటు పోవట్లేదు. పళ్లెంలో పేర్చిన పూలనే కింది నుంచి పైదాకా చూద్దాం.

తాంబాళంలో ముందు గుమ్మడాకులు గానీ ఆముదం ఆకులు గానీ పరుస్తాం. వాటి మీద అంచు చుట్టూ తంగేడు, ఆ పైన గునుగు. గునుగును ఒకే పొడవుకి కోసి, చిన్న చిన్న కట్టలు కట్టి, కొన్నిటిని తెల్లగానే ఉంచి కొన్నిటికి రంగు అద్దుతారు. ఈ రెండూ ఎవరూ విత్తకుండానే వచ్చే పూలు. తంగేడు బీడు భూముల్లో, గుట్టల మీద పూస్తుంది. గునుగైతే రైతుకి చేలో కలుపు మొక్క. వానాకాలం చివర్న రెండూ ఒకేసారి దొరుకుతాయి, పండగా అప్పుడే.

వాటి పైన బంతి పెడతాం కదా, అది మెక్సికో మొక్క. పోర్చుగీసు వాళ్లు వచ్చాకే మన దేశానికి చేరింది. శిఖరాన గౌరమ్మ దగ్గర పెట్టే గుమ్మడి పువ్వుదీ అమెరికా ఖండమే! మరి అంతకుముందు ఏం పెట్టేవాళ్లు? బూడిద గుమ్మడి అమెరికా నుంచి వచ్చింది కాదు, దాని పువ్వూ పసుపే. కాబట్టి అదే అయి ఉండొచ్చు. ఇది నా ఊహ మాత్రమే, ఆధారం అడక్కండి.

ఇక పేర్చడం. మొదటిసారి నేను అంచు వరుసలే చకచకా పేర్చుకుంటూ పోయాను. ఐదో వరుసకి మొత్తం ఒక పక్కకి ఒరిగింది. అమ్మమ్మ చూసి, "లోపట నింపకుంటె ఎట్ల నిలుస్తది బిడ్డా?" అంది. బీటెక్‌లో లోడ్ గురించి చదివిన మనిషిని నేను!

అసలు బరువు మోసేది లోపలి భాగమే. కాడలు లోపలికి, పూలు బయటికి ఉండేలా వరుస పెట్టాక, మధ్యలో తరిగిన ఆకులు, మిగిలిన గునుగు కాడలు అంచుతో సమానంగా నింపాలి. అరచేత్తో నొక్కితే గుంట పడిందంటే ఇంకా నింపాలన్నమాట. ఆ తర్వాతే పై వరుస, అదీ కింది దానికంటే కొంచెం లోపలికి. తంగేడు మీద నేరుగా పసుపు బంతి పెడితే రెండూ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి. మధ్యలో తెల్ల గునుగు ఒక వరుస వేస్తే దేనికది విడిగా కనిపిస్తుంది. ఆఖర్న పసుపు గౌరమ్మ, పక్కన అగరొత్తులు.

మా వాకిట్లో ముందు సానుపు చల్లి, ముగ్గేసి, నడుమ వెంపలి కొమ్మ నాటుతారు. దాని చుట్టూ బతుకమ్మల్ని దగ్గర దగ్గరగా పెట్టాలి. ముగ్గు కూడా అంతవరకే. ఇంకా పెద్దగా వేస్తే చుట్టూ తిరిగి ఆడే వాళ్ల కాళ్ల కింద రెండు పాటలకే చెరిగిపోతుంది.