నిర్వాహక పాత్రలు

మేనేజరు రోజంతా చేసే పనులను మూడు వర్గాల్లో, పది పాత్రలుగా చూపే వర్గీకరణ. హెన్రీ మింట్జ్‌బర్గ్ ఐదుగురు సంస్థాధిపతులను ఒక్కొక్కరిని వారం చొప్పున గమనించి, 1973లో దీన్ని పుస్తకంగా వెలువరించారు. పోటీ పరీక్షల్లో ఒక మేనేజరు దినచర్యను వర్ణించి, అందులోని పాత్ర ఏదని అడుగుతారు.

ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్‌పూర్‌లో డివిజనల్ రైల్వే మేనేజరు రోజును ఊహించండి. పొద్దున్నే కోర్బా వైపు బొగ్గు రేక్‌ల కదలికపై కంట్రోల్ నివేదిక చదువుతారు. ఇది సమాచార సేకరణ. అందులోని ముఖ్యాంశాన్ని శాఖాధికారులకు చెబితే ప్రసారకుని పాత్ర. అదే విషయం విలేకరులకు చెబితే అధికార ప్రతినిధి పాత్ర. సమాచారం ఒకటే, వినేవారు సంస్థ లోపలివారా, బయటివారా అన్నదే తేడా. చాలామంది తడబడేది ఇక్కడే. సేకరణతో కలిపి ఈ మూడూ సమాచారానికి చెందినవి.

రిపబ్లిక్ దినాన జెండా ఎగరేయడం లాంఛన ప్రతినిధిత్వం. సిబ్బందిని ప్రోత్సహించడం నాయకత్వం. కలెక్టరుతో పరిచయం నిలుపుకోవడం అనుసంధానం. ఈ మూడూ వ్యక్తుల మధ్య సంబంధాలకు చెందినవి.

మధ్యాహ్నం వ్యాగన్లు పట్టాలు తప్పితే రైళ్లను మళ్లించడం అవాంతరాన్ని పరిష్కరించడం. ఉన్న ఇంజన్లలో ఏ రైలుకు ఏది ఇవ్వాలో తేల్చడం వనరుల కేటాయింపు. యూనియన్‌తో డ్యూటీ గంటలపై ఒప్పందానికి కూర్చుంటే సంప్రదింపులు. ఎవరూ అడగకముందే యార్డులో కొత్త పద్ధతి ప్రవేశపెడితే మాత్రం అది మార్పుకు చొరవ చూపే పాత్ర. ఈ నాలుగూ నిర్ణయాత్మకమైనవి.

యూనియన్ నాయకులతో ప్రతి భేటీ సంప్రదింపే కాదు. బేరం, ఒప్పందం ప్రస్తావన లేకుంటే ఆ జవాబు గుర్తించకూడదు.