శ్రుతికి రు, స్మృతికి ఋ

శ్రుతిని ‘శృతి’ అని రాయడం ఇప్పుడు మామూలైపోయింది. తెలుగు నోటికి ఆ రెండూ ఒకటే కాబట్టి చెవిని నమ్మి లాభం లేదు. అదే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువు మాటలను అడగాలి. శ్రవణం, శ్రోత అనే మాటలు చూడండి. ‘అవ’గా, ‘ఓ’గా మారగలిగేది ఉకారమే కనుక అక్కడున్నది శ్రు. స్మృతికి స్మరణ, మృతికి మరణం, కృతికి కర్త ఉన్నాయి. ‘అర్’గా మారేది ఋకారం కనుక వాటికి వట్రసుడే సరి.

గృహీతకు జంట గ్రహణం కదా, అందులో ‘అర్’ ఏదీ అనవచ్చు. నిజమే, అక్కడ ధాతువులోని ‘ర’ కుదించుకుపోయి ఋకారమైంది. సంస్కృత వ్యాకరణం దీన్ని సంప్రసారణం అంటుంది. అయినా ‘గ్రవ’, ‘గ్రో’ రూపాలు లేవు కాబట్టి ‘గ్రుహీత’కు ఆధారం దొరకదు. పలుకు ఒకటే అయినప్పుడు ఈ పట్టింపెందుకన్నది ఇంకా బలమైన ప్రశ్న. దానికి ఛందస్సు జవాబిస్తుంది. వట్రసుడి అచ్చు గుర్తు, అందువల్ల ‘సుకృతి’లో సు లఘువుగానే ఉంటుంది. ‘విశ్రుతి’లో శ్రు సంయుక్తాక్షరం, దాని ముందున్న వి గురువవుతుంది. ‘విశృతి’ అని రాస్తే ఆ గురువు పోయి పద్యపాదంలో గణం తప్పుతుంది.