పంటి వారీ చార్టు: దంత చికిత్స కేసుషీటును చార్టుగా మార్చడం

పంటి వారీ చార్టు అంటే ఒక పేషెంటు నోట్లో ఏ పన్నుకు ఏ చికిత్స జరిగిందో, ఏ పని ఆగి ఉందో, మళ్ళీ ఎప్పుడు చూడాలో పన్ను నెంబరు ప్రకారం చూపే పట్టిక. దంత వైద్యుల కేసుషీటు ఇలా ఉండదు. అది తేదీల వరసలో నడుస్తుంది: వచ్చిన రోజు, చేసిన పని, కట్టిన డబ్బు. విజయవాడలో సూర్యారావుపేట, గవర్నరుపేట వీధుల్లోని క్లినిక్కులు పాత కేసుషీట్లను కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు చేసేది నకలు రాయడం కాదు, వరస మార్చడం. 45, 46, 47 పళ్ళ మీద బ్రిడ్జి వేశారనుకుందాం. కేసుషీటులో అది ఒకే వాక్యం. చార్టులో మాత్రం మూడు వరసల్లోకి వెళ్ళాలి. అందులోనూ 45, 47 ఆనుకునే పళ్ళు, 46 అక్కడ లేని పన్ను. దీనికి తలకిందులుగా, ఒక్క ఆర్‌సీటీ కథ నాలుగైదు తేదీల్లో చెదిరి ఉంటుంది. దాన్ని ఏరుకొచ్చి ఒకే వరసలో కూర్చాలి.

పన్ను నెంబరు

పని చెడేది ఎక్కువగా పన్ను నెంబరు దగ్గరే. మన దగ్గర పాత కేసుషీట్లలో తరచూ కనిపించేది అడ్డగీత, నిలువుగీత గీసి, ఆ నాలుగు గదుల్లో ఒకదానిలో 1 నుంచి 8 దాకా అంకె వేసే పద్ధతి. వియన్నా వైద్యుడు అడాల్ఫ్ జిగ్మాండీ 1861లో చూపిన దారి ఇది. కాగితం మీద చక్కగా ఉంటుంది. టైపు చేసేటప్పుడు గీతలు ఎగిరిపోయి ఒంటరి ‘6’ మిగులుతుంది. నోట్లో ఆరో పన్ను నాలుగు చోట్ల ఉంటుంది కాబట్టి ఆ ‘6’కు అర్థం లేదు.

అందుకే చార్టులో రెండంకెల ఎఫ్‌డీఐ పద్ధతి వాడతారు. 1970ల మొదట్లో ప్రపంచ దంత సమాఖ్య దీన్ని చేపట్టింది. మొదటి అంకె నోటి భాగం: 1 పై కుడి, 2 పై ఎడమ, 3 కింది ఎడమ, 4 కింది కుడి. రెండో అంకె ముందు పన్ను నుంచి లెక్కించిన స్థానం. కుడి అంటే పేషెంటు కుడి. ఎదురుగా నిలబడి రాసే అసిస్టెంటు కుడి కాదు. 46ను ‘నలభై ఆరు’ అని కాక ‘నాలుగు, ఆరు’ అని చదవాలి. అది లెక్క కాదు, చిరునామా. ఈ సంగతి కంప్యూటరుకు తెలియదు. ఎక్సెల్‌లో 4-6 అని కొడితే దాన్ని తేదీగా మార్చేస్తుంది. పన్ను నెంబరు వచ్చే నిలువు గడిని ముందే టెక్స్ట్ అని పెట్టుకుని, మధ్యలో గీత లేకుండా 46 అని కొడితే ఈ బెడద ఉండదు.

కృష్ణా డెల్టాలో ఇంకో చిక్కుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు అక్కడి డెంటిస్టు చీటీ వెంట తెస్తారు. అమెరికాలో పళ్ళను 1 నుంచి 32 దాకా ఒకే వరసగా లెక్కిస్తారు: పై కుడి జ్ఞానదంతం 1, అక్కడినుంచి పై ఎడమ జ్ఞానదంతం 16, దాని కింద 17, తిరిగి కుడికి వచ్చి 32. అక్కడి 14 అంటే పై ఎడమ మొదటి పెద్ద దవడ పన్ను, అంటే మన 26. మన 14 పై కుడి చిన్న దవడ పన్ను. రెండూ నోట్లో ఉండే పళ్ళే కనుక కంప్యూటరు అభ్యంతరం చెప్పదు. చీటీలో 1 నుంచి 10 వరకు గానీ, 19, 20, 29, 30 గానీ కనిపిస్తే అది అమెరికా లెక్కే, ఎందుకంటే ఎఫ్‌డీఐలో ఆ నెంబర్లు లేవు. 32 దాటిన నెంబరు ఉంటే అమెరికా లెక్క కాదు. మిగిలిన నెంబర్లతో ఏదీ తేలదు. అప్పుడు చీటీ ఏ ఊరిదో, ఎక్స్‌రేలో ఏ పన్ను ఉందో చూడక తప్పదు.

ఒక కేసుషీటు

గుడివాడ వైపు నుంచి వచ్చే 52 ఏళ్ళ ఆవిడ కేసుషీటు ఇలా ఉందనుకుందాం. ఇది నమూనా కోసం అల్లినది. ఇందులోని తప్పులు మాత్రం రోజూ కనిపించేవే.

2022 మార్చి 12న కింది కుడి 6 నొప్పి, ఎక్స్‌రే, ఆర్‌సీటీ ఓపెనింగ్. మార్చి 19న బీఎంపీ, క్లోజ్డ్ డ్రెస్సింగ్. మార్చి 26న ఆబ్చురేషన్, క్యాప్ సలహా, వెయ్యి రూపాయలు అడ్వాన్సు. సెప్టెంబరు 10న క్లీనింగ్, పై ఎడమ 6కు డీఓ ఫిల్లింగ్. 2023 జనవరి 21న కింది ఎడమ 8 తీసివేత. 2024 జూన్ 15న ‘46 క్యాప్ ఊడింది, తిరిగి అతికించాం’. ఆ రోజు తెచ్చిన ఒక చీటీ వెనక పిన్ను చేసి ఉంది: డల్లాస్ క్లినిక్కుది, తేదీ 03/08/24, ‘14కు క్యాప్ అవసరం’.

మొదటి మూడు తేదీలూ 46వి. ఓపెనింగ్ అంటే పన్ను పైభాగం తెరవడం, బీఎంపీ అంటే వేరు గొట్టాలు శుభ్రం చేయడం, ఆబ్చురేషన్ అంటే వాటిని పూడ్చడం. చార్టులో ‘ఆర్‌సీటీ పూర్తి’ అని రాయదగినది మూడోదాని తర్వాతే. ఓపెనింగ్ రోజు తేదీ పట్టుకుని పూర్తయినట్టు రాయడం మామూలు పొరపాటు. నొప్పి తగ్గగానే రావడం మానేసే వాళ్ళు డెల్టా ఊళ్ళలో తక్కువేం కాదు. వాళ్ళ పన్ను సగం పనితో ఆగి ఉంటుంది. చార్టు ‘పూర్తి’ అంటే ఆ సంగతి ఇక ఎవరి కంటా పడదు.

ఇక అడ్వాన్సు. వెయ్యి కట్టారు కాబట్టి క్యాప్ వేశారనుకోవడం తప్పు. డబ్బు కాలమ్ చికిత్సకు సాక్ష్యం కాదు. ఈ కేసుషీటులో క్యాప్ పెట్టినట్టు ఒక్క ముక్క లేదు. అయినా 2024లో ‘క్యాప్ ఊడింది’ అని ఉంది. అంటే రెండు తేదీల మధ్య ఎక్కడో క్యాప్ పెట్టారు. గుడివాడలో పెట్టించుకుని ఉండవచ్చు, ఇక్కడే పెట్టి రాయడం మరిచి ఉండవచ్చు. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలోని సిద్ధార్థ దంత వైద్య కళాశాల వంటి చోట్లకు వెళ్ళివచ్చిన వాళ్ళ విషయంలో ఇంకో కారణం వెతకాలి. కళాశాలల్లో ఆర్‌సీటీ ఒక విభాగం చేస్తే క్యాప్ వేరే విభాగం వేస్తుంది. పేషెంటు చేతిలో మొదటి కాగితం ఒక్కటే ఉండవచ్చు. చార్టు రాసేవాళ్ళు ఇక్కడ తేదీ ఊహించి నింపకూడదు. ‘2022 మార్చి 26కూ 2024 జూన్ 15కూ మధ్య, పేషెంటును అడగాలి’ అని రాస్తే చాలు.

డల్లాస్ చీటీలో 14 మన 26 అవుతుంది. అది సరైనదే అనడానికి కేసుషీటులోనే సాక్ష్యముంది: 26కు వెనక అంచూ నమిలే తలమూ కలిసిన ఫిల్లింగ్ ఉంది, 14 మీద ఏ పనీ లేదు. తేదీ కూడా అమెరికా వాళ్ళదే, నెల ముందు రాస్తారు. 03/08/24ను మనలా చదివితే ఆగస్టు 3. కానీ ఆ చీటీ తెచ్చి చూపింది జూన్ 15న కాబట్టి అది మార్చి 8. ఇన్ని తేల్చాక చార్టు ఇంతే అవుతుంది:

| పన్ను | జరిగినది | మిగిలినది | తిరిగి చూడవలసినది |
|---|---|---|---|
| 46 | ఆర్‌సీటీ పూర్తి, 2022 మార్చి 26. క్యాప్ తిరిగి అతికింపు, 2024 జూన్ 15 | క్యాప్ మొదట పెట్టిన తేదీ అడగాలి | ఎక్స్‌రే 2023 మార్చి, దాటిపోయింది |
| 26 | డీఓ ఫిల్లింగ్, 2022 సెప్టెంబరు 10 | క్యాప్: బయటి సలహా, 2024 మార్చి 8; డాక్టరు నిర్ణయించాలి | వచ్చేసారి |
| 38 | తీసివేత, 2023 జనవరి 21 | లేదు | లేదు |
| నోరంతా | క్లీనింగ్, 2022 సెప్టెంబరు 10 | క్లీనింగ్ | 2023 మార్చి, దాటిపోయింది |

‘మిగిలినది’ గడిలో సలహా ఎవరిదో రాయడం ముఖ్యం. సలహా ఇచ్చిన పని, పేషెంటు ఒప్పుకున్న పని, మొదలుపెట్టి ఆపిన పని, ఈ మూడూ ఒకటి కావు. అన్నిటినీ ‘పెండింగ్’ అంటే, వద్దని చెప్పిన మనిషికి కూడా క్లినిక్కు నుంచి ఫోను వెళ్తుంది.

రీకాల్ తేదీలు

రీకాల్ రెండు రకాలు. ఒకటి పన్నుది, రెండోది మనిషిది. ఆర్‌సీటీ చేసిన పన్నుకు కనీసం ఏడాది తర్వాత ఎక్స్‌రే తీసి వేరు చివర ఎముక మానుతోందో లేదో చూడాలని యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ మార్గదర్శకాలు చెబుతాయి. మానడం అనుమానంగా ఉంటే నాలుగేళ్ళ దాకా గమనించమంటాయి. ఇది 46 వరసలో ఉండాలి. క్లీనింగ్, మామూలు పరీక్ష ఏ ఒక్క పన్నువీ కావు. వాటికి ‘నోరంతా’ అనే వరస వేరుగా పెట్టాలి. అందరికీ ఆరు నెలలే అన్న అలవాటును ఇంగ్లాండు నైస్ సంస్థ 2004లో పక్కనబెట్టింది. పెద్దవాళ్ళకు వాళ్ళ నోటి పరిస్థితిని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా గడువు పెట్టమంది. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు తక్కువ గడువు, ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు అంతకంటే చాలా ఎక్కువ. పై నమూనాలోని ఆరు నెలలు ఆ డాక్టరు నిర్ణయం అనుకోవాలి.

తేదీ లెక్క పని పూర్తయిన రోజు నుంచి మొదలవ్వాలి. కంప్యూటరులో ఎక్కించిన రోజు నుంచి సాఫ్ట్‌వేరు లెక్కించుకుంటే, ఒకే వారం కూర్చుని ఎక్కించిన పాత కేసులన్నిటికీ ఆరు నెలల తర్వాత ఒకే వారంలో రీకాల్ పడుతుంది. తప్పు జరిగిందని తెలియడానికి అదే గుర్తు. దాటిపోయిన తేదీని చెరిపి కొత్తది వేయకూడదు. ‘దాటిపోయింది’ అన్నదే డాక్టరుకు కావలసిన సమాచారం. ఇక జూలై, ఆగస్టు నాట్ల రోజుల్లోనో నవంబరు, డిసెంబరు కోతల్లోనో దివిసీమ రైతుకు తేదీ వేస్తే వస్తాడని నమ్మకం పెట్టుకోనక్కర్లేదు.

పిల్లల చార్టు

పాలపళ్ళకు 51 నుంచి 85 దాకా వేరే నెంబర్లున్నాయి. 85 ఊడితే దాని చోట వచ్చేది 45. కాబట్టి 85 వరసను మూసేసి, 45కు ఖాళీ వరస తెరవాలి. పాత చికిత్సను దాని మీదికి మోయకూడదు. 46 ఏ పాలపన్ను స్థానంలోనూ రాదు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక నేరుగా వస్తుంది. అదీ పాలపన్నేనని తల్లిదండ్రులు చెబితే కేసుషీటులో 85 అని పడిన సందర్భాలుంటాయి. వయసు గడి పక్కన పెట్టుకుని చదివితే బయటపడతాయి.

నోట్లో సరిచూడడం

చార్టు పూర్తయ్యాక మొదట వెతకవలసినవి పొసగని జంటలు: తీసేసిన పన్నుకు ఆ తర్వాతి తేదీన ఫిల్లింగ్, ఆర్‌సీటీ పూర్తవకుండానే దాని మీద శాశ్వత క్యాప్. మొదటిది సాధారణంగా పన్ను జరగడం వల్ల వస్తుంది. 46 తీశాక 47 ముందుకు ఒరిగి ఆ ఖాళీలోకి వస్తే, చూసినవాళ్ళు దాన్నే 46 అనుకుని రాస్తారు. ఇలాంటివి కాగితం మీద తేలవు. పేషెంటు ఈసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరు ఒక్కో పన్నునూ అంకెలు విడివిడిగా చదువుతుంటే అసిస్టెంటు చార్టుతో సరిపోల్చుకోవాలి. అలా చూసిన తేదీ, చూసినవాళ్ళ సంతకం పడేదాకా ఆ చార్టు ముసాయిదాయే. సంతకం పడ్డాక కూడా పాత కేసుషీటునూ ఎక్స్‌రే ఫిల్ములనూ పారేయకూడదు. 46 క్యాప్ తేదీ లాంటి ప్రశ్న వస్తే వెనక్కి తిరిగి చూడడానికి అవే ఆధారం.