షార్టులు నిజంగా నష్టపోయాయా? - జోన్స్ గారి లెక్క

కొన్నేళ్ళ క్రితం ఒక క్లయింటుకి పెట్టుబడుల రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం మా టీముకి అంటగట్టారు. అందులో రెండే రెండు కాలమ్స్ ఉండేవి. లాంగ్ వైపు ఎంత వచ్చింది, షార్ట్ వైపు ఎంత వచ్చింది, అంతే. వరసగా మూడు క్వార్టర్లు షార్ట్ కాలమ్ ఎర్రగా వచ్చింది. నాలుగో క్వార్టరు మీటింగులో, షార్టులు చూసే ఇద్దరినీ ఇంటికి పంపిద్దామా అన్న మాట లేచింది. నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ రిపోర్టులో కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి, టెస్టులన్నీ పాసయ్యాయి. కానీ అది అసలు చెప్పాల్సింది చెప్పట్లేదేమోనని అనుమానం. ఆ అనుమానం తీర్చుకోబోయి ఆల్‌ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్ దగ్గర తేలాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. పెరుగుతుందనుకున్న షేరు కొనడం లాంగ్. పడుతుందనుకున్న షేరుని అప్పు తెచ్చి అమ్మేసి, తర్వాత చవగ్గా కొని తిరిగి ఇచ్చేయడం షార్ట్. రెండూ ఒకేసారి చేస్తే మార్కెట్ ఎటు పోయినా కొంత కాపు ఉంటుంది.

జోన్స్ సోషియాలజీలో డాక్టరేట్ చేసినాయన, ఫార్చ్యూన్ పత్రికకి వ్యాసాలు రాసేవాడు. 1949లో న్యూయార్కులో ఒక భాగస్వామ్యం మొదలుపెట్టాడు. మొత్తం పెట్టుబడి లక్ష డాలర్లు, అందులో 40 వేలు తనవే. చరిత్రలో మొదటి హెడ్జ్ ఫండ్ అని సాధారణంగా దీన్నే చెబుతారు. లాంగూ షార్టూ కలిపి ఆడటం ఆయన కనిపెట్టినదేం కాదు, అంతకుముందూ ఉంది. నన్ను కట్టిపడేసింది ఆయన పెట్టుకున్న లెక్క. లాభం వచ్చింది సరే, అది షేర్లు బాగా ఎంచినందుకు వచ్చిందా, లేక మార్కెట్ పెరిగింది కాబట్టి వచ్చిందా? ఈ రెంటినీ విడదీయడం ఆయనకి ముఖ్యం. ఏటి వాలుకి కొట్టుకొచ్చినవాడినీ, ఈదుకుంటూ వచ్చినవాడినీ ఒడ్డున నిలబెట్టి చూస్తే తేడా తెలియదు కదా!

దీనికి ఆయన ప్రతి షేరుకీ "వెలాసిటీ" అని ఒక అంకె కట్టాడు. ఎస్ అండ్ పి 500 సూచీ పెద్దగా ఊగినప్పుడు ఈ షేరు దానికి ఎన్ని రెట్లు ఊగింది అన్నదే ఆ అంకె. ఇప్పుడు మనం బీటా అంటున్నదానికి అన్నగారన్నమాట. విలియం షార్ప్ పేపరు వచ్చింది 1964లో, మైకేల్ జెన్సెన్ ఫండ్ల పనితీరు మీద రాసింది 1968లో. జోన్స్ ఈ పద్ధతిని తన భాగస్వాములకి 1961 నాటి రిపోర్టులోనే వివరించాడు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను పెట్టుకున్నవే. మూలధనం లక్ష డాలర్లు. లాంగులు 1,10,000, షార్టులు 40,000. పైపైన చూస్తే మార్కెట్‌కి ఎదురుగా ఉన్న సొమ్ము 70,000. కానీ లాంగుల బీటా 1, షార్టుల బీటా 1.5 అనుకోండి. అప్పుడు 40 వేల షార్టు 60 వేల షార్టులా పనిచేస్తుంది. అసలు ఎక్స్‌పోజర్ 50,000 మాత్రమే.

ఆ ఏడాది మార్కెట్ 10 శాతం పెరిగింది. మన లాంగులు 14 శాతం పెరిగి 15,400 తెచ్చాయి. షార్ట్ చేసిన షేర్లు 11 శాతం పెరిగాయి, పైగా 1 శాతం డివిడెండ్ ఇచ్చాయి. షేరు అప్పిచ్చినవాడికి ఆ డివిడెండ్ మనమే కట్టాలి. కాబట్టి షార్ట్ నష్టం 4,800. వడ్డీలు, కమీషన్లు, షేర్లు అప్పు తెచ్చిన రుసుము కలిపి ఖర్చులు 1,100. చేతికి వచ్చింది 9,500.

మా పాత రిపోర్టు అయితే "లాంగ్ 15,400, షార్ట్ మైనస్ 4,800" అని చెప్పి ఊరుకునేది. విడదీస్తే ఇలా ఉంటుంది:

```
market    = (L*bL - S*bS) * rM    # (110000 - 60000) * 0.10 =  5000
long_sel  = L * (rL - bL*rM)      # 110000 * (0.14 - 0.10)  =  4400
short_sel = S * (bS*rM - rS)      # 40000 * (0.15 - 0.12)   =  1200
costs     = -1100
net       = 9500
```

షార్ట్ చేసిన షేర్లు, వాటి బీటా ప్రకారం, ఆ మార్కెట్లో 15 శాతం పెరగాల్సినవి. పెరిగింది డివిడెండ్‌తో కలిపి 12 శాతమే. అంటే ఎర్ర అంకె వెనకాల 1,200 డాలర్ల మంచి ఎంపిక దాక్కుని ఉంది. అటు లాంగుల 15,400లో 11,000 ఏటి వాలుదే.

ఇది తెలిశాక నేను ఎగిరి గంతేసి అందరికీ చూపించి ఉండాల్సింది. అంత తేలిగ్గా ఏం కాలేదు. ఆ 1,200 మొత్తం 1.5 అన్న అంకె మీద నిలబడి ఉంది. బీటా 1.2 అయితే అది సున్నా. 1 అయితే మైనస్ 800. పాత ధరల నుంచి కట్టే బీటా ఏ కాలం తీసుకుంటే ఆ కాలానికి మారుతుంది. అందుకని ఒక్క అంకె ఇవ్వడం తప్పు. బీటాని కాస్త అటూ ఇటూ జరిపి, గుర్తు తిరగబడే చోటు ఎక్కడుందో కూడా రిపోర్టులో చూపించాలి.

రెండో చిక్కు ఖర్చులది. షార్ట్ డివిడెండ్‌ని "ఇతర ఖర్చులు" అన్న బుట్టలో వేస్తే షార్ట్ కాలు 400 డాలర్ల మేర అందంగా కనిపిస్తుంది, ఆ తేడాకి తిట్లు తినేది ఖర్చుల లైను. మా ప్రోగ్రాం సరిగ్గా అదే చేస్తోంది! మొత్తం తేడా రాదు కాబట్టి ఏ టెస్టూ పట్టుకోలేదు. అలాగే డివిడెండ్ షేరు వైపు కలిపినప్పుడు, పోల్చే సూచీ కూడా డివిడెండ్‌తో కలిపినదే కావాలి. షేర్లు అప్పు తెచ్చిన రుసుము షార్టులకే రాయాలి. పైన 1,100లో షార్టుల వాటా 500 అనుకుంటే, 1,200లో మిగిలేది 700.

ఇక చరిత్రకొస్తే, 1966 ఏప్రిల్లో కరోల్ లూమిస్ ఫార్చ్యూన్‌లో జోన్స్ గురించి రాసింది. 1965 మే నెలకి ముందు పదేళ్ళలో ఆయన లాభం 670 శాతం, అదే కాలంలో డ్రేఫస్ ఫండ్‌ది 358 శాతం. దాంతో అనుకరించేవాళ్ళు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. పెరిగే మార్కెట్లో షార్ట్ ఎప్పుడూ ఎర్రగానే కనిపిస్తుంది కదా, చాలామంది దాన్ని తగ్గించేసి, అప్పు చేసి మరీ లాంగులు పెంచారు. పేరు హెడ్జ్, ఉన్నది ఏటి వాలు. 1968 నవంబరు చివర్నుంచి 1970 మే దాకా ఎస్ అండ్ పి సుమారు 36 శాతం పడింది. అమెరికా ఎస్.ఈ.సి. సర్వేలోని 28 పెద్ద ఫండ్ల ఆస్తులు 1968 చివర్నుంచి 1970 సెప్టెంబరు నాటికి 70 శాతం కరిగిపోయాయి, నష్టాలూ జనం వెనక్కి తీసుకున్న సొమ్మూ కలిపి. జోన్స్ ఫండ్ కూడా గట్టిగానే దెబ్బతింది. లెక్క కనిపెట్టినాయనే ఎక్స్‌పోజర్ పెరగనిచ్చాడు. లెక్క తెలియడం వేరు, పెరిగే మార్కెట్లో దాని మాట వినడం వేరు.

మా రిపోర్టు సంగతంటారా? ఆ మూడు క్వార్టర్లూ మళ్ళీ కట్టాం. ఒకదాంట్లో షార్టుల ఎంపిక నిజంగానే బావుంది. ఒకదాంట్లో నిజంగానే బాగాలేదు. మూడోది బీటా 1.1 దగ్గర గుర్తు మార్చేస్తోంది, కాబట్టి "తేల్చలేం" అని రాశాం. ఆ "తేల్చలేం" చూసి క్లయింటు మొహం చిట్లించాడు. కానీ ఆ ఇద్దరి ఉద్యోగాల ప్రస్తావన ఆ మీటింగులో మళ్ళీ రాలేదు. ఆ మాట తీసేసి ఒక చక్కటి అంకె పెట్టమని తర్వాత రెండుసార్లు అడిగారు. పెట్టలేదు.