ఐసీయూ ట్యూబులేవి?

రాత్రి ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ఆమె ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి పగటి డ్యూటీ టెక్నీషియన్ బ్యాగు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. "లక్కీ అక్కా నువ్వు. లిస్టు ఖాళీ. ఒక్క శాంపిల్ కూడా పెండింగ్ లేదు" అంటూ రిజిస్టర్లో సంతకం గీకి వెళ్లిపోయాడు.

విశాఖపట్నంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి, అందులో బయోకెమిస్ట్రీ ల్యాబ్. ఆసుపత్రి పేరూ తన పేరూ రాయకూడదన్నది ఆమె పెట్టిన షరతు. అందుకే ఆమెను ఆమె అనే పిలుచుకుందాం.

కంప్యూటర్ ముందు కూర్చుంది. నిజమే, తెర మీద తెల్లటి గీతలు తప్ప ఏమీ లేవు. నైట్ డ్యూటీలో ఇలాంటి అరగంట దొరికితే ఎవరైనా ఏం చేస్తారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. కెటిల్ అక్కడే ఉంది, ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ బాక్సూ ఉంది. ఆమె మాత్రం అలవాటు ప్రకారం ముందు మిషన్‌లో కంట్రోల్స్ పెట్టింది. అంటే విలువ ముందే తెలిసిన ద్రావణాలను నడిపి, మిషన్ సరిగ్గా చదువుతోందో లేదో చూసుకోవడం. అవి తిరుగుతుండగా ఆమెకు తట్టింది: ఐసీయూ ట్యూబులేవి?

మిగతా వార్డుల సంగతి వేరు, ఓ రోజు వస్తాయి, ఓ రోజు రావు. ఐసీయూ అలా కాదు. అక్కడ సాయంత్రం ఏడింటికి ప్రతి మంచం దగ్గరా సోడియం, పొటాషియం కోసం రక్తం తీస్తారు. పండగైనా, తుఫానైనా తీస్తారు. రోజూ తను వచ్చేసరికి వాటిలో సగమైనా మిషన్‌లో ఉండేవి. ఇవాళ ఒక్కటీ లేదు.

ఇక్కడ ఆ లిస్టు సంగతి కొంచెం చెప్పాలి. నర్సు మంచం దగ్గర రక్తం తీసి, ట్యూబ్ మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తుంది. ట్యూబులను క్యారియర్ అనే డబ్బాలో పెట్టి గోడలోని గొట్టంలోకి వదిలితే, ఫాల్స్ సీలింగ్ పైనుంచి గాలి తోపుకు అది ల్యాబ్‌కు వచ్చి పడుతుంది. ల్యాబ్ కౌంటర్లో మళ్లీ స్కాన్ చేస్తారు. ఈ రెండో స్కాన్ పడితేనే టెక్నీషియన్ తెర మీద పేరు కనబడుతుంది. కాబట్టి లిస్టు ఖాళీగా ఉందంటే కౌంటర్‌కు ఏమీ చేరలేదని మాత్రమే అర్థం. వార్డులో రక్తం తీయలేదని కాదు.

తీసి, చేరనివాటికి వేరే లిస్టు ఉంటుంది. దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. ఆమె తెరిచింది. Collected – Not Received అన్న శీర్షిక కింద పేర్లు బారులు తీరి ఉన్నాయి. అన్నిటికన్నా పాతది క్యాజువాల్టీది, 6.40కి తీసింది.

ఐసీయూకి ఫోన్ చేసింది.

"సిస్టర్, ల్యాబ్ నుంచి. సాయంత్రం ఎలక్ట్రొలైట్స్ పంపారా?"

"ఎప్పుడో పంపేశారంట మేడమ్. నేనిప్పుడే డ్యూటీకొచ్చా. రిపోర్టులేవని నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"ఒక్కసారి గొట్టం దగ్గరికెళ్లి చూస్తారా?"

కాసేపటికి గొంతు మారింది. "అయ్యో, డబ్బా ఇక్కడే ఉంది మేడమ్! లైటు ఎర్రగా వెలుగుతోంది."

అసలు జరిగింది తర్వాత తెలిసింది. క్యాజువాల్టీ వాళ్లు పంపిన క్యారియర్ మూత సరిగ్గా బిగుసుకోలేదు. దారిలో తెరుచుకుని, గొట్టాలు చీలే చోట ఇరుక్కుంది. ఒకటి ఇరుక్కుంటే ఆ లైన్ మొత్తం ఆగిపోతుంది, వెనకాలవన్నీ ఎక్కడివక్కడే నిలబడిపోతాయి. అలారం మోగింది కూడా, తాళం వేసి ఉన్న మెయింటెనెన్స్ గదిలో. పైగా అప్పుడు నర్సులకూ డ్యూటీ మారే వేళ. పంపినవాళ్లు ఇంటికెళ్లారు, వచ్చినవాళ్లు పంపేశారనుకున్నారు. ఇటు ల్యాబ్‌లో పని తగ్గిందని సంతోషించారు.

ఆమె ఒక్కో వార్డుకూ ఫోన్ చేసి, ట్యూబులను వార్డుబాయ్‌ల చేత తెప్పించింది. సెక్యూరిటీ వాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పట్టుకొచ్చి, నిచ్చెన వేసి, ఇరుక్కున్న డబ్బాను బయటికి తీసేసరికి 8.50 అయింది. అందులోని రక్తం తీసి రెండు గంటలు దాటింది.

తీసిన రక్తం ఊరికే ఉండదు. ఎర్రకణాలు ట్యూబులో కూడా చక్కెర తింటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం. వాటి లోపల పొటాషియం, బయటి ద్రవంలో కంటే ఇరవై రెట్లకు మించి ఉంటుంది. కణం పగిలితే అదంతా సీరంలోకి వచ్చేస్తుంది. అందుకే రెండు గంటల్లోపు సీరాన్ని వేరుచేయాలన్నది ల్యాబ్ నియమం.

ఆ డబ్బాలో ఒకే పేషెంటువి మూడు ట్యూబులున్నాయి. ఊదామూతది రక్తకణాల లెక్కకు, దానికి రెండు గంటలు పెద్ద లెక్క కాదు. బూడిదరంగు మూతలో చక్కెర తరగకుండా ఫ్లోరైడ్ ఉంటుంది. అది పూర్తిగా పనిచేయడానికి గంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది కానీ, తేడా కొద్దిగానే. ఆ రెండూ నడిపించింది. మూడోది పసుపుమూత, పొటాషియం కోసం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసి వెలుతురుకు పట్టి చూసింది. గడ్డిరంగులో ఉండాల్సిన సీరం ఎర్రగా ఉంది. కణాలు పగిలాయనడానికి అదే గుర్తు. మిషన్ 6.8 చూపించింది. ఉండాల్సింది 3.5 నుంచి 5.

నిజంగా 6.8 ఉంటే గుండె ఏ క్షణమైనా ఆగొచ్చు. కనుక ఆ అంకె దాచడానికి లేదు, నమ్మి రిపోర్ట్ ఇవ్వడానికీ లేదు. క్యాజువాల్టీ డాక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"షుగర్ పేషెంటమ్మా, కిడ్నీలు కూడా వీక్. పెరిగే ఉంటుంది. ఇన్సులిన్ మొదలుపెట్టేస్తా" అన్నాడాయన.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ తప్పుడు అంకె ఆ రోగికి అతికినట్టు సరిపోతోంది.

"సార్, సీరం ఎర్రగా ఉంది. నేను రిలీజ్ చేయట్లేదు. ముందు ఈసీజీ చూడండి. పచ్చమూత ట్యూబులో ఫ్రెష్‌గా తీసి మనిషికిచ్చి పంపండి, వెంటనే నడిపిస్తా."

పచ్చమూత ఎందుకంటే అందులో హెపారిన్ ఉంటుంది. రక్తం గడ్డకట్టేదాకా అరగంట ఆగక్కర్లేదు, రాగానే తిప్పొచ్చు. ఈసీజీ మామూలుగానే వచ్చింది. అది ధైర్యమిస్తుందే తప్ప రుజువు కాదు, పొటాషియం పెరిగినా కొందరిలో ఈసీజీ మారదు. డాక్టర్ మానిటర్ పెట్టి ఆగాడు.

మళ్లీ సూది అనేసరికి పేషెంటు కొడుకు కేకలు వేశాడట. "ఒకసారి తీశారుగా, పారేసుకున్నారా?" అని. ఆ కోపాన్ని నేను తప్పుపట్టలేను.

9.25కి రెండో ఫలితం వచ్చింది. 4.6. మొదటి అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కించి ఉంటే మామూలుగా ఉన్న పొటాషియం పడిపోయేది, కిడ్నీలు బాగాలేని మనిషికి చక్కెర కూడా ప్రమాదకరంగా దిగేది.

ఆ వారంలోనే ల్యాబ్ రిజిస్టర్లో కొత్త గడి గీశారు. డ్యూటీ మారేటప్పుడు ఇప్పుడు రెండు అంకెలు రాయాలి: పెండింగ్ ఎన్ని, తీసి చేరనివి ఎన్ని. రెండోది సున్నా కాకపోతే పాత డ్యూటీ వాళ్లు కదలడానికి లేదు.

ల్యాబ్ వాళ్లు రెండోసారి రక్తం అడిగితే కారణం అడగండి, చెప్తారు. ఇవ్వడానికి మాత్రం వెనకాడకండి. ఆ రోజు రెండో ట్యూబుకు బిల్లు వేయలేదు. మీకెవరైనా వేస్తే, అప్పుడు గట్టిగా నిలదీయండి.